ఎండలో వెలిసిపోయే మెనూ బోర్డు: రంగులు సరిచేయమని డిజైనర్‌కు ఉత్తరం ఎలా రాయాలి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పడమటి ముఖంగా ఉన్న కేఫ్‌లలో మధ్యాహ్నం మూడు దాటిందంటే కౌంటర్ పైనున్న మెనూ టీవీ ఉన్నా లేనట్టే. చాయ్ ఎంత, సమోసా ఎంత అని వచ్చిన ప్రతివారూ నోటితో అడగాల్సిందే. విసుగొచ్చిన యజమాని డిజైనర్‌కు ఫోనులో ఒక్క వాక్యం పంపుతారు: "రంగులు వెలిసిపోయినట్టున్నాయి, కాస్త బ్రైట్‌గా చేసి పంపండి." డిజైనర్ తన గదిలో, ట్యూబ్‌లైటు కింద, ఎరుపును ఇంకా ఎర్రగా, పసుపును ఇంకా పచ్చగా మార్చి పంపుతారు. ఆ గదిలో అది చక్కగా కనిపిస్తుంది. కేఫ్‌లో మూడింటికి మళ్లీ పాత కథే.

ఇలాంటి వాక్యాలు అందుకునే వైపున పనిచేస్తున్నవాడిగా చెబుతున్నాను. ఆ సందేశంలో డిజైనర్‌కు కావలసినది ఒక్కటీ లేదు. తెర మీద ఎంత వెలుతురు పడుతోంది, తెర తనంతట తాను ఎంత వెలుగు ఇవ్వగలదు, ఏ గంటలో ఏ పదం చదవలేకపోతున్నారు? ఈ మూడూ రాస్తే డిజైనర్ లెక్క కట్టి పని చేయగలరు. రాయకపోతే ఊహించి చేస్తారు. ఉత్తరంలో యజమాని రంగులు సూచించనక్కరలేదు, వెలుతురు గురించి చెబితే చాలు.

ఎండ తెరను ఏం చేస్తుంది

ముందుగా ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ఉత్తరం దానంతటదే వస్తుంది. బయటి వెలుతురు తెర మీద పడి, అందులో కొంత భాగం మన కళ్లవైపు తిరిగి వస్తుంది. అది అక్షరాల మీదా, వాటి వెనకున్న నేపథ్యం మీదా ఒకే మోతాదులో కలుస్తుంది. ముదురు గోధుమ రంగు నేపథ్యం బూడిద రంగుకు తిరుగుతుంది. దాని మీది బంగారు రంగు అక్షరం కూడా అంతే తెల్లబడుతుంది. ఒకటి మరొకదానికి ఎన్ని రెట్లు వెలుగో ఆ తేడా తగ్గిపోతుంది. అక్షరం కనిపించేది ఆ తేడా వల్లే.

రంగును ఇంకా గాఢంగా చేయడం ఇక్కడ ఎందుకు పనికిరాదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. మన కన్ను అక్షరాలను పోల్చుకునేది ప్రధానంగా వెలుగు తేడాతో. చిక్కటి ఎరుపు, చిక్కటి నీలం చూడటానికి ఘాటుగా ఉన్నా వాటి వెలుగు చాలా తక్కువ. ముదురు నేపథ్యం మీద ఎర్రటి ధర రాత్రిపూట మెరుస్తుంది, పగలు మాత్రం నేపథ్యంలో కలిసిపోతుంది.

కలం పట్టే ముందు కేఫ్‌లో చేయాల్సిన పనులు

మొదట టీవీ సెట్టింగులు చూడండి. విద్యుత్ ఆదా మోడ్, గది వెలుతురును బట్టి తెరను తగ్గించే సెన్సార్, ఇలాంటివి ఉంటే ఆపేయండి. బ్యాక్‌లైట్‌ను చివరి వరకు పెంచండి. బ్రైట్‌నెస్ అని ఉండే సెట్టింగ్ వేరు, బ్యాక్‌లైట్ వేరు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదగా మారుతుందే తప్ప తెర వెలుగు పెరగదు. ఇది ముందే చేయకపోతే, బ్యాక్‌లైట్ సగంలో ఉన్న తెర కోసం డిజైనర్ రంగులన్నీ మార్చి పెడతారు.

తర్వాత, ఎండ బాగా ఉన్న గంటలో టీవీని ఆపి దాని ముందు నిలబడండి. ఆపిన తెరలో ఎదుటి రోడ్డు, ఆగి ఉన్న బైకు, మీ చొక్కా స్పష్టంగా కనిపిస్తే మీది అద్దంలా మెరిసే తెర. ఏ బొమ్మా కనిపించకుండా తెరంతా పాలిపోయిన బూడిద రంగులో ఉంటే అది మ్యాట్ తెర. ఈ ఒక్క పరిశీలన డిజైనర్‌కు చాలా పనికొస్తుంది. మెరిసే తెర మీద ముదురు నేపథ్యం పెడితే రోడ్డంతా అందులోనే కనిపిస్తుంది. లేత నేపథ్యం పెడితే ఆ ప్రతిబింబం చాలా వరకు మరుగున పడుతుంది.

తెర మీద పడే వెలుతురును లక్స్ అనే కొలతలో చెబుతారు, అది కొలవడానికి ఫోనులో లక్స్ మీటర్ యాప్ చాలు. ఫోను వీపును తెరకు ఆనించి, ముఖం బయటికి చూసేలా పట్టుకోండి. తెర ఎటు చూస్తోందో ఫోను సెన్సార్ కూడా అటే చూడాలి. చాలామంది ఫోనును బల్ల మీద పెట్టి కొలుస్తారు, ఆ అంకెకు తెరతో సంబంధం ఉండదు. ఫోను సెన్సార్ కచ్చితమైన పరికరం కాదు కానీ, వెయ్యికీ పదివేలకూ తేడా చెప్పగలదు. మనకు కావలసింది అదే. అంచనా కోసం గుర్తుంచుకోండి: కేఫ్ లోపల రాత్రి వెలుతురు వంద నుంచి ఐదు వందల లక్స్ వరకు ఉంటుంది, నడినెత్తిన ఎండ లక్షకు చేరుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు, నాలుగు, ఐదు, దీపాలు పెట్టాక ఒకసారి, ఇలా కొలిచి రాసుకోండి.

దిక్కు, నెల కూడా రాయాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు రెండూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్నాయి. అందుకే ఏటా మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. డిసెంబర్‌లో దక్షిణానికి బాగా ఒరిగి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. దీని ఫలితం కొంత వింతగా ఉంటుంది. దక్షిణ ముఖంగా ఉన్న బోర్డుకు మండు వేసవిలో నేరుగా ఎండ తగలకపోవచ్చు, చలికాలంలో మాత్రం రేకుల పందిరి కిందినుంచి దూరి వస్తుంది. "ఎండాకాలం బాగానే ఉంది, సంక్రాంతి ముందు ఎందుకు కనిపించడం లేదు" అని ఆశ్చర్యపోయే యజమానులకు ఇదే కారణం. పడమటి బోర్డుకు ఏడాది పొడవునా సాయంత్రపు ఎండ తప్పదు, పడే కోణం మాత్రం మారుతుంది: జూన్‌లో సూర్యుడు పడమరకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా అస్తమిస్తాడు.

ఇక ఫోటోలు. ఫోను కెమెరా తనకు తోచినట్టు వెలుతురు సర్దుకుంటుంది, అందుకే మామూలుగా తీసిన ఫోటోలో బోర్డు మీ కంటికి కనిపించిన దానికంటే బాగా వస్తుంది. హెచ్‌డీఆర్ ఆపేసి, ఫోను తెర మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి తీయండి. కస్టమర్ నిలబడే చోటునుంచే తీయాలి. కౌంటర్ వెనకనుంచి తీసినది పనికిరాదు.

ఫోటోకంటే విలువైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. మెనూ తెలియని మనిషిని, అంటే పక్క షాపులో కొత్తగా చేరిన కుర్రాడినో, ఎవరినో నాలుగింటికి అక్కడ నిలబెట్టి పైనుంచి కిందికి చదవమనండి. ఆగిన చోటల్లా గీత పెట్టండి. మీరు చదివితే కుదరదు, ఎందుకంటే మీకు అంతా కంఠతా వచ్చు. తెలుగు మెనూలో ముందుగా మాయమయ్యేవి వత్తులు. "లస్సీ"లో కింది స వత్తు, "మిర్చి బజ్జీ"లో చ వత్తు, జ వత్తు సన్నటి గీతలతో పంక్తి కిందికి వేలాడుతుంటాయి. ఎండలో అవి కరిగిపోయి "లసీ", "మిరి బజీ" అన్నట్టు కనిపిస్తాయి. ఇంగ్లిష్ వరుస చదవగలిగి తెలుగు వరుస చదవలేకపోతే ఆ విషయం ఉత్తరంలో తప్పకుండా రాయాలి. తెలుగు రాని డిజైనర్ అయితే మరీ ముఖ్యం.

రంగులతో ఎంతవరకు కుదురుతుంది

ఒక కేసు తీసుకుని లెక్క చూద్దాం. 43 అంగుళాల మామూలు టీవీ, దాని గరిష్ఠ వెలుగు 350 నిట్లు. తెర తనంతట తాను ఇచ్చే వెలుగుకు కొలత నిట్. నాలుగింటికి తెర మీద 10,000 లక్స్. మ్యాట్ తెర కాబట్టి పడిన వెలుతురులో నూటికి నాలుగు వంతులు చెదిరి తిరిగొస్తుందనుకుందాం. ఆ నాలుగు శాతాన్ని 3.14తో భాగిస్తే సుమారు 127 నిట్లు వస్తాయి. అంటే తెర ఇచ్చే తెల్లటి వెలుగులో మూడో వంతుకు పైగా, 0.36 భాగం, ఎండే ఉచితంగా కలిపేస్తోంది.

ఇప్పుడున్న బోర్డు: ముదురు గోధుమ నేపథ్యం #3B2314, బంగారు అక్షరాలు #C8963E. # తో మొదలయ్యేవి డిజైనర్లు రంగులకు వాడే కోడ్లు. శుద్ధ తెలుపును 1 అనుకుంటే ఆ గోధుమ వెలుగు 0.02, బంగారం 0.34. గదిలో తేడా కొలిచే మామూలు సూత్రం రెండింటికీ 0.05 కలిపి భాగించమంటుంది. అప్పుడు నిష్పత్తి 5.5 దాకా వస్తుంది. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. కాబట్టి డిజైనర్ గదిలో ఇది దర్జాగా నెగ్గుతుంది. ఇప్పుడు 0.05 స్థానంలో ఎండ తెచ్చిన 0.36 పెట్టండి:

```
(0.34 + 0.36) ÷ (0.02 + 0.36) = 1.8
```

5.5 ఉన్నది 1.8కి పడిపోయింది. ఎర్రటి ధర #C62828 పరిస్థితి ఇంకా ఘోరం, 1.3 మాత్రమే. చదవలేకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు మీగడ రంగు నేపథ్యం #FFF8E7, దాని మీద దాదాపు నల్లగా ఉండే గోధుమ అక్షరం #2A1408 అనుకోండి. వెలుగులు 0.94, 0.01.

```
(0.94 + 0.36) ÷ (0.01 + 0.36) = 3.5
```

దాదాపు రెట్టింపు. టీవీ అదే, ఎండ అదే. ధరను ముదురు ఎరుపు #8E1010లోకి దింపితే అది కూడా 3.1 దగ్గర నిలుస్తుంది. దూరంనుంచి చదవడానికి వేసే పెద్ద అక్షరాలకు ఇవి సరిపోతాయి.

హద్దు కూడా ఇక్కడే ఉంది. ఈ తెర మీద, ఈ ఎండలో, శుద్ధ తెలుపు మీద శుద్ధ నలుపు పెట్టినా వచ్చేది 3.8 మాత్రమే. అంతకు మించి ఏ డిజైనరూ తేలేరు. లక్స్ 40,000 అయితే ఆ గరిష్ఠం 1.7కి జారుతుంది. అంటే సూర్యకిరణాలు నేరుగా తెర మీద పడుతున్నప్పుడు రంగుల కోసం ఖర్చు పెట్టడం దండగ. ముందు పందిరి రేకు ఒక అడుగు పొడిగించండి, లేదా టీవీని లోపలి గోడకు జరపండి, లేదా కిందికి కొద్దిగా వంచండి. షాపు ముందుభాగం కోసం ప్రత్యేకంగా చేసే 2,500 నిట్ల తెరలు ఉన్నాయి కానీ వాటి ధర వేరే లెక్క. తెర వేడెక్కి మధ్యలో నల్లటి మచ్చలా కమ్ముకుని, చల్లబడ్డాక పోతుంటే, అది ద్రవ స్ఫటికాలు వేడికి పని మానేయడం. ఆ లక్షణం కనిపిస్తే డిజైనర్‌కు కాదు, నీడ వేసే మనిషికి కబురు చేయాలి.

ఉత్తరంలో ఏమేమి అడగాలి

పగటికి ఒక రంగుల వరుస, రాత్రికి ఒకటి అడగండి. ఇది చాలామంది మరిచిపోతారు. పగలు కాపాడిన మీగడ నేపథ్యమే రాత్రి ఎనిమిదింటికి నిండు బ్యాక్‌లైట్‌తో కౌంటర్ దగ్గరున్నవారి కళ్లు చెదరగొడుతుంది. మీకు నచ్చిన పాత గోధుమ, బంగారం రంగులు రాత్రికి హాయిగా ఉంచుకోవచ్చు. పెన్ డ్రైవ్‌తో నడిచే టీవీ అయితే ఎవరో ఒకరు చేత్తో మార్చాలి, టైమ్ పెట్టుకునే ప్లేయర్ ఉంటే తనంతట తానే మారుతుంది. మీకున్నది ఏదో రాయండి.

అక్షరాల వెనకున్న కాఫీ గింజల ఫోటో, రంగు నుంచి రంగుకు జారే నేపథ్యం, అక్షరాల చుట్టూ నీడలు, మెరుపులు పగటి వరుసలో తీసేయమనండి. తెలుగు అక్షరాలను ఒక మెట్టు లావుగా, నోటో సాన్స్ తెలుగు ఫాంట్ అయితే సెమీబోల్డ్‌లో పెట్టమనండి. మరీ లావు వద్దు, "ఠ", "ఘ" లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. చాయ్, బాదం పాలు ఫోటోల్లో రంగు గాఢత పెంచకుండా నీడ భాగాలను మాత్రమే పైకి లేపమని చెప్పండి. ఎండలో మొదట వివరం పోయి ఒకే ముద్దగా మారేది ఆ నీడలే. శాకాహార గుర్తు ఆకుపచ్చగానే ఉండాలి, ముదురు చేయవచ్చు కానీ రంగు మార్చకూడదు.

ఫైళ్లు పీఎన్‌జీలో కావాలని రాయండి. జేపీజీలో ఎర్రటి సన్నని గీతల అంచులు చెదురుతాయి, వత్తులు మళ్లీ అక్కడే దెబ్బతింటాయి.

నమూనా ఉత్తరం

పైన చూసిన కేఫ్ నుంచే రాసినట్టు ఇస్తున్నాను. అంకెలు మీవి వేసుకోండి.

> డిజైనర్ గారికి,
>
> నమస్కారం. మా మెనూ బోర్డు మీరు చేసి ఇచ్చినప్పటి నుంచి రాత్రిపూట అందరూ మెచ్చుకుంటున్నారు. పగలు మాత్రం మూడు నుంచి ఐదున్నర దాకా చదవలేకపోతున్నారు. ఆ గంటలకు రంగులు సరిచేసి ఇవ్వమని ఈ ఉత్తరం.
>
> కేఫ్ నల్లగొండలో, హైదరాబాద్ రోడ్డు మీద, పడమటి ముఖంగా ఉంది. టీవీ కౌంటర్ పైన, గుమ్మం నుంచి ఎనిమిది అడుగుల లోపల ఉంది. నేరుగా ఎండ తగలదు, రోడ్డు మీదినుంచీ ఎదుటి తెల్లటి గోడనుంచీ వెలుగు వస్తుంది. తెర 43 అంగుళాలు, 1920×1080, అడ్డంగా బిగించాం. టీవీ వివరాల్లో 350 నిట్లు అని ఉంది. బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచాం, విద్యుత్ ఆదా మోడ్ ఆపేశాం. ఆపి చూస్తే తెర బూడిద రంగులో ఉంది, బొమ్మలు ప్రతిఫలించడం లేదు.
>
> ఫోనును తెరకు ఆనించి కొలిచిన వెలుతురు: ఒంటిగంటకు 1,500 లక్స్, మూడింటికి 4,000, నాలుగింటికి 10,000, ఐదింటికి 9,000, రాత్రి 150.
>
> నాలుగింటికి కొత్త మనిషితో చదివించాం. ఇంగ్లిష్ పేర్లు కష్టంగా చదివారు. తెలుగులో "లస్సీ", "మిర్చి బజ్జీ", "ఉస్మానియా బిస్కెట్" దగ్గర ఆగిపోయారు, వత్తులు కనిపించలేదన్నారు. ఎర్రటి ధరలు ఒక్కటి కూడా చదవలేదు. ఒంటిగంటకూ నాలుగింటికీ తీసిన ఫోటోలు జతచేశాను, ఎక్స్‌పోజర్ లాక్ చేసే తీశాం.
>
> మాకు కావలసినవి రెండు ఫైళ్లు. పగటిది లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలతో, నాలుగింటి వెలుతురులో కూడా ధరలు చదవగలిగేలా. రాత్రిది ఇప్పుడున్న రంగులతోనే ఉండవచ్చు. వస్తువుల వరుస, స్థానాలు, లోగో ఆకారం మార్చవద్దు. తెలుగు అక్షరాలు కొంచెం లావు చేయవచ్చు. పగటి ఫైలులో వెనక ఫోటో, నీడలు అవసరం లేదు. లోగో బంగారు రంగు పగలు ముదురు గోధుమలోకి మారినా మాకు అభ్యంతరం లేదు.
>
> ముందు మొత్తం బోర్డు చేయకండి. నాలుగు వరుసలతో ఒక పరీక్ష ఫైలు పంపండి, అందులో రెండు మూడు రంగుల జతలు పక్కపక్కన పెట్టండి. నాలుగింటికి తెర మీద వేసి, చదివించి, ఏది నెగ్గిందో అదే రోజు చెబుతాను. తర్వాత మిగతాది చేయండి. చివరి ఫైళ్లు పీఎన్‌జీలో, మార్చుకోగల అసలు ఫైలుతో పాటు కావాలి. మా టీవీ పెన్ డ్రైవ్‌తో నడుస్తుంది, టైమ్ పెట్టుకునే వీలు లేదు.
>
> ఈ పనికి మీ రుసుము, ఎన్నిసార్లు మార్పులు అందులో చేరుతాయో, ఎప్పటికి ఇవ్వగలరో రాయండి. ఈ వెలుతురులో రంగులతో కుదరదని మీకు అనిపిస్తే ఆ మాట ముందే చెప్పండి. పందిరి పొడిగించే ఏర్పాటు చూసుకుంటాను.
>
> ఇట్లు,
> కేఫ్ యజమాని

ఇందులో పరీక్ష ఫైలు గురించిన పేరా తీసేయకండి. డిజైనర్ హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉండి పనిచేస్తారు, మీ తెరను ఎప్పుడూ చూడరు. ఆయన కంప్యూటర్‌లో ఏ జత బాగుందనేది ఇక్కడ లెక్కలోకి రాదు. నాలుగు వరుసలు మీ తెర మీద నిలబడితే పాతిక వరుసలూ నిలబడతాయి, నిలబడకపోతే పోయేది గంట పని మాత్రమే. "కుదరదని అనిపిస్తే ముందే చెప్పండి" అన్న వాక్యం కూడా అంతే ముఖ్యం. వచ్చిన పనిని కాదనడానికి ఫ్రీలాన్సర్లు మొహమాటపడతారు. మీరే దారి తెరిస్తే నిజం చెబుతారు.

ఫైలు వచ్చాక

పరీక్ష ఫైలును ఫోనులో చూసి బాగుందనో బాగోలేదనో చెప్పకండి. ఫోను తెర ఎండలో టీవీకంటే చాలా ఎక్కువ వెలుగు ఇస్తుంది. పెన్ డ్రైవ్‌లో వేసి, నాలుగింటికి, అంతకుముందు చదవని మనిషితో చదివించండి. మబ్బు పట్టిన రోజైతే ఆగండి, మబ్బులో అన్ని జతలూ నెగ్గుతాయి.

ఫలితం రాసేటప్పుడు కూడా "రెండోది నచ్చింది" అని ఊరుకోకండి. "రెండో జతలో అన్నీ చదివారు, లస్సీ వత్తు మాత్రం తడబడ్డారు, మూడోదానిలో ధర చదవలేదు, అప్పుడు తెర మీద 9,500 లక్స్ ఉంది" అని రాస్తే డిజైనర్‌కు తర్వాత ఏ దిశలో కదలాలో తెలుస్తుంది. అంతా చదవగలిగి, ఒక్క ధర రంగే మిగిలిపోతే ఎరుపును ఇంకా ముదురు చేయమనండి. అప్పటికీ కాకపోతే ధరలను కూడా పేర్ల రంగులోనే పెట్టి, అంకెలను లావు చేయించడం మంచిది. ధర ఎర్రగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

పగటి ఫైలు పెట్టే వేళ, తీసే వేళ ఒక చీటీ మీద రాసి కౌంటర్ దగ్గర అంటించండి. జూన్‌లో ఆరున్నర దాటినా వెలుతురు ఉంటుంది, డిసెంబర్‌లో ఐదున్నరకే దీపాలు పెడతారు. కాబట్టి ఆ చీటీ మీద ఎండాకాలానికి ఒక వేళ, చలికాలానికి ఒక వేళ ఉండాలి. దక్షిణ ముఖం బోర్డు అయితే నవంబర్ చివర మరోసారి లక్స్ కొలిచి, అంకె పదివేలు దాటితే అదే ఉత్తరంలో కొత్త కొలతలు వేసి డిజైనర్‌కు మళ్లీ పంపండి.